ప్రింటర్‌లో ‘క్యారేజ్ జామ్’: హెడ్ కదలకుండా ఆగిపోయినప్పుడు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో, చిన్న దుకాణాల్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్ల గురించి, అంటే కార్ట్రిడ్జ్ వేసేవి, ఇంకు ట్యాంకు ఉన్నవి, వీటి గురించే ఈ ప్రశ్నలు. లేజర్ ప్రింటర్లలో అటూ ఇటూ తిరిగే హెడ్ ఉండదు కాబట్టి ఈ సమస్య వాటికి రాదు.

క్యారేజ్ అంటే ఏ భాగం? అది ఆగిపోయిందని ప్రింటర్‌కు ఎలా తెలుస్తుంది?

మూత ఎత్తితే కార్ట్రిడ్జ్‌లను, ప్రింట్ హెడ్‌ను మోస్తూ ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు పరుగెత్తే పెట్టె కనిపిస్తుంది. అదే క్యారేజ్. ఒక ఉక్కు కడ్డీ మీదో, రేకు పట్టాల మీదో అది జారుతుంది. వెనకవైపు పళ్లున్న సన్నని బెల్ట్ దాన్ని లాగుతుంది. బెల్ట్‌ను తిప్పేది ఒక చిన్న మోటారు.

మోటారు తిరుగుతున్నంత మాత్రాన క్యారేజ్ ఎక్కడ ఉందో ప్రింటర్‌కు తెలియదు. ఆ పని ఎన్‌కోడర్ స్ట్రిప్‌ది. క్యారేజ్ వెనక ఈ చివరి నుంచి ఆ చివరి వరకు బిగించి కట్టిన, పారదర్శకంగా కనిపించే సన్నని ప్లాస్టిక్ పట్టీ అది. దాన్ని వెలుతురులో పట్టి చూస్తే కొంచెం బూడిద రంగుగా కనిపిస్తుంది. ఆ బూడిద రంగంతా నిజానికి వరుసగా ముద్రించిన సన్నని నిలువు గీతలే. చాలా ప్రింటర్లలో అంగుళానికి 150 లేదా 180 గీతలు ఉంటాయి. క్యారేజ్ వెనక ఉన్న సెన్సర్‌కు నడుమ ఒక సన్నని చీలిక ఉంటుంది. పట్టీ ఆ చీలిక గుండా వెళ్తుంది. ఒకవైపు నుంచి దీపం వెలుగుతుంది, రెండోవైపు ఆ వెలుగును చూసే కన్ను ఉంటుంది. క్యారేజ్ కదులుతున్నప్పుడు గీతలు వెలుగుకు అడ్డుపడుతూ తప్పుకుంటూ ఉంటే ప్రింటర్ వాటిని లెక్కపెట్టుకుంటుంది. 150 గీతల పట్టీ అయితే ఒక ఏ4 కాగితం వెడల్పు దాటేసరికి సుమారు 1,240 గీతలు లెక్కకు వస్తాయి.

ఇక్కడే అసలు విషయం ఉంది. మోటారుకు కరెంటు ఇచ్చాక ఆశించిన లెక్క రాకపోతే ప్రింటర్ ‘జామ్’ అని తేల్చేస్తుంది. దారిలో నిజంగా ఏదైనా అడ్డు ఉన్నా లెక్క రాదు. అడ్డేమీ లేకుండా, పట్టీ మీద మరక వల్ల గీతలు కనిపించకపోయినా లెక్క రాదు. రెంటికీ తెర మీద వచ్చే సందేశం ఒకటే. అందుకే చాలామంది కాగితం కోసం గంటల తరబడి వెతుకుతారు, తప్పు మాత్రం పట్టీలో ఉంటుంది.

తెర మీద ఏ సందేశం కనిపిస్తుంది?

HP ప్రింటర్లలో `Carriage Jam` అని వస్తుంది. తెర లేని కొన్ని DeskJet మోడళ్లలో E3 అనే అక్షరం, అంకె వెలుగుతాయి. Canon ప్రింటర్లలో 5100 అనే కోడ్ కనిపిస్తుంది. కొన్ని ప్రింటర్లలో ఏ సందేశమూ లేకుండా దీపాలు మాత్రమే మెరుస్తాయి. కోడ్ ఏదైనా పరీక్షించే పద్ధతి మాత్రం కింద చెప్పినదే.

అడ్డు ఉందా, పట్టీ తప్పా? ఎలా తేల్చుకోవాలి?

రెండు పనులు చేస్తే చాలావరకు తేలిపోతుంది. మొదటిది చెవితో, కంటితో. ప్రింటర్ ఆన్ చేసి క్యారేజ్ ఏం చేస్తుందో గమనించండి. కొంచెం కదిలి, లేదా కదలబోయి, మోటారు గుర్రుమని ఆగిపోతే దారిలో అడ్డు ఉన్నట్టు. అలా కాకుండా ఒక్కసారిగా వేగంగా పరుగెత్తి పక్క గోడకు ‘టప్’ మని కొట్టుకుంటే ప్రింటర్‌కు క్యారేజ్ ఎక్కడుందో కనిపించడం లేదు. అది ఎన్‌కోడర్ లోపం.

రెండోది చేతితో. ప్లగ్గు తీసేసి, క్యారేజ్‌ను రెండు వేళ్లతో కింది భాగంలో పట్టుకుని నెమ్మదిగా ఒక చివర నుంచి మరో చివరకు జరపండి. బెల్ట్, మోటారు కూడా తిరుగుతాయి కాబట్టి కొంచెం బరువుగా అనిపించడం సహజం. ఆ బరువు మొదటి నుంచి చివరి వరకు ఒకేలా ఉండాలి. ఎక్కడైనా గట్టిగా తగిలినా, గరగరమన్నా అక్కడ అడ్డు ఉంది. మొత్తం దూరం సాఫీగా జరిగితే పట్టీ వైపు చూడాలి.

ప్లగ్గు తీసి చూస్తే క్యారేజ్ కుడి చివర బిగుసుకుపోయి ఉంది. లాగవచ్చా?

లాగవద్దు. బటన్ నొక్కి ఆపినప్పుడు క్యారేజ్ తన విశ్రాంతి స్థానానికి వెళ్తుంది. చాలా మోడళ్లలో అది కుడి చివర ఉంటుంది. అక్కడ హెడ్ ఎండిపోకుండా కింద నుంచి ఒక రబ్బరు మూత వచ్చి మూసుకుంటుంది. కొన్ని ప్రింటర్లలో ఒక చిన్న ప్లాస్టిక్ కొక్కెం కూడా లేచి క్యారేజ్‌ను పట్టుకుంటుంది. దీన్ని జామ్ అనుకుని బలంగా లాగితే కొక్కెం విరుగుతుంది, అప్పుడు నిజమైన జామ్ మొదలవుతుంది.

చేయవలసింది వేరు. ప్రింటర్ ఆన్ చేయండి. క్యారేజ్ ఆ స్థానం వదిలి మధ్యకు వచ్చిన క్షణంలో గోడ దగ్గరి ప్లగ్గు తీసేయండి. ఇప్పుడు అది మధ్యలో స్వేచ్ఛగా ఉంటుంది, పరీక్షించడం సులువు. ఆన్ చేసినా ఆ మూల నుంచి బయటకు రాకపోతే, ఆ మూలలోనే ఏదో పడి ఉండవచ్చు. టార్చి వేసి క్యారేజ్ కింద, పక్కన చూడండి. ఏమీ కనిపించకపోతే ఆ మూలను విప్పడం మెకానిక్ పని.

కొత్త ప్రింటర్. పెట్టెలోంచి తీసి మొదటిసారి ఆన్ చేయగానే జామ్ అంటోంది. మార్చుకోవాలా?

తొందరపడి దుకాణానికి తీసుకెళ్లకండి. కొత్త ప్రింటర్లలో ఈ సందేశానికి మొదట అనుమానించవలసింది లోపల మిగిలిపోయిన ప్యాకింగే. రవాణాలో క్యారేజ్ ఊగిపోకుండా కంపెనీవాళ్లు దాన్ని టేపుతోనో, అట్టముక్కతోనో, ప్లాస్టిక్ అడ్డుతోనో బిగిస్తారు. బయటి టేపులు ప్రింటర్ చుట్టూ కనిపిస్తాయి కాబట్టి అందరూ తీసేస్తారు. లోపలివి మిగిలిపోతాయి.

స్కానర్ మూత కాదు, దాని కింద ఉన్న అసలు పెద్ద మూత ఎత్తాలి. చాలామంది స్కానర్ అద్దం వరకే చూసి ఊరుకుంటారు. లోపల క్యారేజ్ రెండు పక్కలా, దాని కింద, కడ్డీ వెంట, కాగితం బయటకు వచ్చే తోవలో వెతకండి. టేపు సాధారణంగా నారింజ రంగులోనో, నీలం రంగులోనో ఉంటుంది, కంటపడాలనే అలా పెడతారు. తెల్లటి స్పాంజి ముక్క మాత్రం తెల్లటి ప్లాస్టిక్ మధ్య దాక్కుంటుంది. ఒక టేపును లాగినప్పుడు దాని చివర సగం తెగి లోపలే ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను. కాబట్టి తీసిన టేపు చివర చూడండి. నేరుగా కోసినట్టు ఉంటే పూర్తిగా వచ్చింది. చిరిగినట్టు సాగి ఉంటే మిగతా ముక్క ఎక్కడో ఉంది.

కార్ట్రిడ్జ్‌లకు ఉండే చిన్న ప్లాస్టిక్ టేపును కూడా తీసేశారా చూసుకోండి. తీయని టేపు చివర వేలాడుతూ ఉంటే దారిలో తగులుతుంది. ఆ టేపు తీసేటప్పుడు దాని పక్కనే ఉన్న రాగి రంగు చుక్కల పట్టీని పీకవద్దు. అది కరెంటు తాకే భాగం.

కార్ట్రిడ్జ్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో, పైమూత బిగుసుకుందో లేదో కూడా వేలితో నొక్కి చూడండి. ఒక్క మిల్లీమీటరు పైకి లేచి ఉన్నా క్యారేజ్ వెళ్లేటప్పుడు పై చట్రానికి తగులుతుంది.

ఇల్లు మారాం. అంతకుముందు బాగా పనిచేసింది, ఇప్పుడు జామ్ అంటోంది. ఎందుకు?

సామాను సర్దేటప్పుడు ఎవరైనా క్యారేజ్ కదలకుండా సెల్లోటేపు వేసి ఉంటారు. పారదర్శకమైన టేపు కనుక కొత్త ఇంట్లో కనిపించదు. గోరుతో తడిమి చూడండి. టేపు తీసేసినా జిగురు మిగిలితే క్యారేజ్ అక్కడ ఆగి ఆగి వెళ్తుంది. ఆ జిగురును కొద్దిగా తడిపిన బట్టతో తుడిచి, తరువాత పొడిబట్టతో తుడవండి.

ఇంకు ట్యాంకు ప్రింటర్లలో మరొకటి చూడాలి. ట్యాంకు నుంచి క్యారేజ్ వరకు సన్నని గొట్టాలు పట్టీలా కలిసి ఉంటాయి. అవి క్యారేజ్‌తో పాటు వంగుతూ తిరుగుతాయి. కుదుపులకు అవి తమ పట్టులోంచి జారి పైకి లేస్తే మూత వేయగానే రాపిడి మొదలవుతుంది. మూత తెరిచి ఉంటే కదిలి, మూస్తే ఆగిపోతోందంటే అనుమానించవలసింది ఆ గొట్టాలనే. కొన్ని ట్యాంకు ప్రింటర్లకు రవాణా సమయంలో తిప్పే ఒక మీట ఉంటుంది. అది ఇంకు పారకుండా ఆపడానికి మాత్రమే. క్యారేజ్ జామ్‌కు దానికి సంబంధం లేదు.

లోపల అడ్డు ఎక్కడెక్కడ ఉండవచ్చు?

చాలాసార్లు అది చిరిగిన కాగితం ముక్కే. కాగితం ఇరుక్కున్నప్పుడు ముందు నుంచి బలంగా లాగితే చిన్న మూల చిరిగి లోపలే ఉండిపోతుంది. కాబట్టి లాగిన కాగితాన్ని బల్ల మీద పరచి, నాలుగు మూలలూ ఉన్నాయేమో చూడండి. చిరిగిన ముక్కలన్నీ కలిపి పెట్టినా బొటనవేలి గోరంత భాగం తక్కువైతే ఆ గోరంత ముక్క ప్రింటర్‌లో ఉందని అర్థం. దాన్ని ఎక్కడ వెతకాలో కూడా కాగితమే చెబుతుంది. పోయింది కుడి మూల అయితే లోపల కుడివైపు చూడండి.

కాగితం కాకపోతే పిన్ను, రబ్బరు ముక్క, పెన్సిలు ముక్క, నాణెం, చిన్న పిల్లలున్న ఇంట్లో ఆటవస్తువు కావచ్చు. కాగితం పెట్టే వెనకవైపు తట్ట తెరిచే ఉంచితే పైనుంచి ఏది పడినా లోపలికే పోతుంది. చాలాకాలం వాడని ప్రింటర్‌లో బల్లి కూడా దూరి చచ్చి ఉండవచ్చు. చూడకుండా చెయ్యి పెట్టకండి. టార్చితో వెతకండి, మొద్దు కొనలున్న పట్టకారుతో తీయండి. ప్రింటర్‌ను తలకిందులు చేసి దులపాలని చూడకండి, ముఖ్యంగా ట్యాంకు ఉన్నవాటిని. ఇంకు కారి లోపలి భాగాలపై పడుతుంది.

ఏ అడ్డూ లేదు. మామూలు కాగితాలు బాగానే వస్తాయి, శుభలేఖల అట్టలు వేస్తే మాత్రం జామ్ అవుతోంది.

హెడ్‌కూ కాగితానికీ మధ్య దూరం మిల్లీమీటరు, అంతకన్నా కొంచెం ఎక్కువ మాత్రమే. వానాకాలంలో తేమ పీల్చి అంచులు పైకి లేచిన మందపాటి అట్ట ఆ దూరాన్ని మూసేస్తుంది. క్యారేజ్ వెళ్తూ అట్ట అంచును కొడుతుంది. అప్పుడు అట్ట అంచున ఇంకు రుద్దుకుపోయిన మరక కనిపిస్తుంది, అదే గుర్తు. అట్టను వంపుకు వ్యతిరేకంగా నెమ్మదిగా వంచి చదును చేయండి. మీ ప్రింటర్ అమరికల్లో మందపాటి కాగితం ఎంచుకునే వీలుంటే దాన్ని ఎంచుకోండి. ప్రింటర్ తట్టుకునే మందానికి మించిన అట్టతో మాత్రం ఏ అమరికా పనిచేయదు.

చేతితో జరిపితే సాఫీగా పోతోంది. పట్టీని ఎలా చూడాలి, ఎలా తుడవాలి?

ప్లగ్గు తీసే ఉంచండి. ఫోను టార్చిని పట్టీ వెనక వైపు నుంచి వేసి, ముందు నుంచి దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి వరకు చూడండి. అంతా ఒకే బూడిద రంగుగా ఉండాలి. నల్లటి చుక్క ఉంటే ఇంకు మరక, మెరిసే మచ్చ ఉంటే గ్రీజు, తెల్లటి గీత ఉంటే గీరుకుపోయిన చోటు. క్యారేజ్ వెనక ఉన్న భాగం కనిపించదు కాబట్టి క్యారేజ్‌ను పక్కకు జరిపి ఆ చోటును కూడా చూడండి.

తుడవడానికి నూగు రాలని మెత్తటి బట్ట కావాలి, కళ్లద్దాలు తుడిచేది బాగుంటుంది. టిష్యూ కాగితం వద్దు, దాని నూగు సెన్సర్‌లో చేరుతుంది. బట్టను మంచినీటితో తడిపి గట్టిగా పిండండి. పట్టీని ఒక చివర వేలితో ఆనించి పట్టుకుని, బట్టను పట్టీకి ఇరువైపులా మడతపెట్టి, ఆ చివరి నుంచి బయటకు ఒకే దిశలో మెల్లగా జరపండి. పైకీ కిందికీ రుద్దకండి, పట్టీ మెలిపడుతుంది. లాగినట్టు కూడా ఉండకూడదు, ఎందుకంటే చాలా ప్రింటర్లలో పట్టీ ఒక చివర స్ప్రింగుతో, మరో చివర కొక్కేనికి మాత్రమే తగిలించి ఉంటుంది. పొడిబట్టతో మరోసారి తుడిచి, ఆరేవరకు పది నిమిషాలు ఆగండి.

థిన్నరు, గోళ్లరంగు తుడిచే ద్రవం, శానిటైజరు వాడకండి. గీతలు పట్టీ మీద ముద్రించినవే కనుక మరకతో పాటు గీతలు కూడా లేచిపోవచ్చు. గీత లేచిపోయిన పట్టీని తిరిగి బాగుచేసే దారి లేదు.

తుడిచాక ఎలా ఉంటుంది? నిజంగా జరిగిన ఒక ఉదాహరణ చెప్పగలరా?

మా వీధిలోని ఒక జెరాక్స్ దుకాణంలో మూడేళ్లుగా వాడుతున్న ట్యాంకు ప్రింటర్ ఒక ఉదయం ఆన్ చేయగానే క్యారేజ్ ఎడమవైపు దూసుకెళ్లి గోడకు కొట్టుకుని ఆగింది. రెండోసారి ఆన్ చేసినా అదే. దుకాణదారు అప్పటికే వెనక తట్ట విప్పి కాగితం కోసం వెతికి ఉన్నారు. “నిన్న రాత్రి వరకు బాగానే ఉందండీ” అన్నారు. అడిగితే మరో మాట చెప్పారు, రెండు రోజుల క్రితం కిర్రుమంటోందని కడ్డీకి నూనె వేశారట.

ప్లగ్గు తీసి క్యారేజ్‌ను జరిపితే చివరి వరకు వెన్నలా జారింది. కాబట్టి అడ్డు లేదు. టార్చి వేస్తే పట్టీ మీద కుడి చివరకు దగ్గరలో, బొటనవేలి ముద్రంత వెడల్పున జిడ్డు మచ్చ మెరిసింది. క్యారేజ్ విశ్రాంతి స్థానం నుంచి బయలుదేరగానే సెన్సర్ ముందుకు వచ్చే చోటు అది. అంటే తొలి అడుగులోనే ప్రింటర్‌కు లెక్క తప్పుతోంది. తడిబట్టతో తుడిస్తే జిడ్డు పలచబడి పరుచుకుంది తప్ప పోలేదు. గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క గ్లాసు నీళ్లలో కలిపి, బట్టను అందులో తడిపి పిండి తుడిచాను. తరువాత ఉత్త నీళ్ల బట్ట, ఆ తరువాత పొడిబట్ట. ఆన్ చేస్తే క్యారేజ్ మామూలుగా కదిలింది.

వారం తిరగకముందే మళ్లీ ఆగింది. ఈసారి తప్పు నాది. మచ్చ తుడిచాను కానీ కడ్డీ మీద మిగిలిన నూనెను తుడవలేదు. క్యారేజ్ పరుగెత్తిన ప్రతిసారీ ఆ నూనె కొంచెం కొంచెంగా పట్టీకి అంటుతూనే ఉంది. కడ్డీని పొడిబట్టతో పూర్తిగా తుడిచి, పట్టీని మళ్లీ కడిగాక ఆ సమస్య తిరిగి రాలేదు. హెడ్ గురిని సరిచేసే అమరిక పేజీ ఒకటి వేయించాను, ఎందుకంటే పట్టీని ముట్టుకున్నాక అచ్చులో నిలువు గీతలు జంటగా పడడం మామూలే.

కడ్డీకి అసలు నూనె వేయకూడదా? ఇంట్లో కొబ్బరినూనె వేయవచ్చా?

కొబ్బరినూనె వద్దు. సుమారు 24, 25 డిగ్రీల దగ్గర అది గడ్డకట్టడం మొదలవుతుంది, చలికాలం ఉదయాన కడ్డీ మీద మైనంలా పేరుకుంటుంది. పైగా కాలం గడిస్తే దుమ్ముతో కలిసి బంకగా మారుతుంది. ఆ బంకే క్యారేజ్‌ను పట్టుకుని జామ్ సందేశం తెప్పిస్తుంది. స్ప్రే డబ్బాలు కూడా లోపల కొట్టవద్దు, తుంపర నేరుగా పట్టీ మీద పడుతుంది.

ముందు పాత గ్రీజును పొడిబట్టతో తుడవండి. చాలాసార్లు అంతటితోనే క్యారేజ్ తేలికపడుతుంది. ఉక్కు కడ్డీ మరీ పొడిగా ఉంటే కుట్టుమిషను నూనె ఒక చుక్క బట్టకు అద్ది కడ్డీకి రాయండి, చుక్కను నేరుగా కడ్డీ మీద వేయకండి. రాశాక కడ్డీ మెరవాలి, తడిగా ఉండకూడదు.

పట్టీ ఊడి చేతికి వచ్చింది. తిరిగి ఎలా పెట్టాలి?

ఒక చివర కొక్కేనికి తగిలించి, పట్టీని క్యారేజ్ వెనక సెన్సర్ చీలిక గుండా పోనిచ్చి, రెండో చివర స్ప్రింగుకు తగిలించాలి. ఎక్కువమంది తప్పేది చీలిక దగ్గరే. పట్టీ సెన్సర్ బయట నుంచి పోతే ప్రింటర్‌కు ఏ గీతా కనబడదు, క్యారేజ్ మళ్లీ గోడకు కొట్టుకుంటుంది. పట్టీ రెండు చివర్ల రంధ్రాలు ఒకేలా ఉండవు కనుక తిరగేసి పెట్టకండి. ఊడకముందే ఫోనుతో ఫొటో తీసుకుని ఉంటే ఆ ఫొటో చూసి పెట్టుకోవచ్చు. బిగించాక పట్టీ తీగలా తిన్నగా ఉండాలి, మధ్యలో వేలాడకూడదు.

తుడిచినా ప్రతిసారీ ఒకే చోట ఆగుతోంది. ఇక ఏం చేయాలి?

ఆగిన చోటును చట్రం మీద పెన్సిలుతో గుర్తు పెట్టి, మూడు సార్లు పరీక్షించండి. గుర్తులు ఒకే చోట పడితే, టార్చిలో అక్కడ తెల్లటి గీరు కనిపిస్తే పట్టీ దెబ్బతింది, మార్చాలి. మీ మోడల్‌కు సరిపోయే పట్టీనే కొనాలి, ఎందుకంటే గీతల సంఖ్య తేడా వస్తే అచ్చు వెడల్పు మారిపోతుంది. గుర్తులు చెల్లాచెదురుగా పడితే పట్టీ మీద కాకుండా సెన్సర్‌లో దుమ్మో, ఇంకు తుంపరో ఉండవచ్చు. చిన్న రబ్బరు బుడ్డితో చీలిక వైపు గాలి ఊది చూడండి. లోపల తడిబట్ట పెట్టకండి.

ఎప్పుడు మెకానిక్‌కు ఇవ్వాలి?

బెల్ట్ పళ్లు తెగి ఉంటే, కుడి మూలలోని రబ్బరు మూత భాగం పైకి లేచి ఉండిపోతే, చేతితో జరిగి పట్టీ శుభ్రంగా ఉన్నా మోటారు అసలు కదలకపోతే ఇంట్లో ప్రయత్నాలు ఆపండి. వారంటీ ఉన్న ప్రింటర్‌కు స్క్రూలు విప్పకండి. ఇచ్చేటప్పుడు ‘జామ్ అంటోంది’ అని మాత్రమే కాకుండా మూడు విషయాలు చెప్పండి: ఆన్ చేయగానే ఆగిందా లేక పరుగెత్తి కొట్టుకుందా, చేతితో సాఫీగా జరిగిందా, ఆగేది ఒకే చోటా. కాగితం నుంచి చిరిగిన ముక్క దొరకలేదంటే ఆ కాగితాన్ని కూడా వెంట తీసుకెళ్లండి, మిగిలిన ముక్క ఎంత ఉందో, ఎటువైపు ఉందో వాళ్లకు తెలుస్తుంది.